ఎన్సెలాడస్ నీళ్లలో హైడ్రోజన్ మిగిలిపోయిందంటే, తినేవాళ్లు లేనట్టేనా?

గాజువాక మాస్టారు · శుక్రవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని అడుగుతున్నాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ రోజు తొమ్మిదో తరగతిలో శని గ్రహం చందమామ ఎన్సెలాడస్ గురించి మాట వచ్చింది. గాల్లో గీత గీస్తే విశాఖ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో, దాని అడ్డుకొలత దాదాపు అంతే, 504 కిలోమీటర్లు. పైన మంచు, కింద ఉప్పునీటి సముద్రం. దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్లున్నాయి, వాటిలోంచి ఆవిరీ మంచు రేణువులూ అంతరిక్షంలోకి చిమ్ముతుంటాయి. 2015 అక్టోబరు 28న కాసినీ నౌక ఆ చిమ్మే ఆవిరిలోంచి 49 కిలోమీటర్ల ఎత్తున దూసుకెళ్లింది. అందులో హైడ్రోజన్ ఉందని 2017లో ప్రకటించారు. ఇంతవరకు నాకు తెలుసు, పిల్లలకు చెప్పాను. భూమ్మీద సముద్రం అడుగున వెలుతురు లేనిచోట కొన్ని సూక్ష్మజీవులు హైడ్రోజన్ తిని బతుకుతాయని కూడా చెప్పాను.

అప్పుడు మూడో బెంచీ అమ్మాయి లేచి అడిగింది: "సార్, అది తిండి అయితే మిగిలిపోయి బయటికి ఎందుకు వస్తోంది? ఆకలిగా ఉన్నవాళ్లు లోపల ఉంటే గిన్నె ఖాళీ అవ్వాలి కదా?"

నాకు జవాబు రాలేదు. సోమవారం చెబుతానని మాటిచ్చాను. ఆ అమ్మాయి అడిగిందాంట్లో తప్పుందా, లేక నేను చెప్పిందాంట్లోనే లోపముందా?

రాత్రి ఆకాశం · శుక్రవారం, రాత్రి 9:15

మాస్టారూ, ఇందులో అంత అనుమానం అక్కర్లేదు. ఆ ఆవిరిలో హైడ్రోజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కూడా దొరికాయి. ఆ సూక్ష్మజీవులు చేసే పనే ఇది:

4H₂ + CO₂ → CH₄ + 2H₂O

అంటే తినేదీ ఉంది, తిన్నాక వదిలేదీ ఉంది. వంటగదిలో బియ్యం ఉండి, సింకులో ఎంగిలి కంచాలు కూడా ఉంటే ఇంట్లో మనుషులున్నారనే కదా అర్థం! బియ్యం డబ్బా ఖాళీ కాలేదని ఇంట్లో ఎవరూ లేరనుకుంటామా? నా ఉద్దేశంలో అక్కడ జీవం ఉన్నట్టే, ఇక చూసి రావడమే మిగిలింది.

లవణిక · శుక్రవారం, రాత్రి 10:30

నేను సముద్రపు నీటి రసాయనం మీద పనిచేస్తాను, అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ ముందే రోజూ కూర్చుంటాను.

ఆకాశం గారూ, మీ పోలిక సగమే నిలబడుతుంది. మీథేన్ ఎంగిలి కంచమే కానక్కర్లేదు. ఆ చందమామ తయారైనప్పుడే, తోకచుక్కల మంచులో ఉన్నట్టు, మంచులో ఇరుక్కుపోయిన పాత మీథేన్ అయినా కావచ్చు. వేడినీరూ రాయీ కలిసినచోట జీవం లేకుండా తయారైంది అయినా కావచ్చు. 2021లో ఒక బృందం ఈ దారులన్నీ లెక్కేసి చూసింది. రాయీ నీరూ కలిసి తయారుచేసే మీథేన్ మాత్రమే అనుకుంటే, అక్కడ కనబడ్డ మోతాదుకు అది చాలలేదు. సూక్ష్మజీవులు ఉన్నాయనుకుంటే సరిపోయింది. కానీ పాత మీథేన్ బయటికొస్తోందనుకున్నా సరిపోయింది. ఈ రెండింటిలో ఏదన్నది కాసినీ కొలతలతో తేలలేదు.

మాస్టారూ, మీ అమ్మాయి ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది: అసలు ఆ హైడ్రోజన్ నిజంగా అక్కడిదేనా? నాకు ఈ కథలో బాగా ఇష్టమైన భాగం ఇదే. కొంచెం పొడుగ్గా చెబుతాను.

మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పనిచేసేవాళ్లకు హైడ్రోజన్ అంటే భయం. పరికరంలో కాస్త తేమ మిగిలితే చాలు, లేని హైడ్రోజన్ కనబడుతుంది. ఏడేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో మూడు వారాలు ఒక శాంపిల్‌లో హైడ్రోజన్ ఎక్కువుందని సంబరపడ్డాం. చివరికి శాంపిల్ లేకుండా ఖాళీగా నడిపితే గ్రాఫులో హైడ్రోజన్ శిఖరం అంతే ఎత్తున వచ్చింది. అది పరికరం లోపలి గోడలదని అప్పుడు అర్థమై, నేను ఆ రోజు భోజనం కూడా చేయలేకపోయాను.

కాసినీకీ ఇదే కష్టం, కానీ ఇంకా పెద్దది. ఆ పరికరంలో వాయువు ముందుగా ఒక టైటానియం గదిలోకి వెళ్లి, గోడలకు తగిలి, ఆ తర్వాత కొలతకు వచ్చేది. నౌక వేగం సెకనుకు ఎన్నో కిలోమీటర్లు. ఆ వేగంలో మంచు రేణువులు గోడను గీరితే లోపలి తాజా టైటానియం బయటపడుతుంది. తాజా టైటానియానికి నీళ్లు తగిలితే ఆక్సిజన్‌ను పట్టుకుని హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. మొదటి ఏళ్లలో కనబడిన హైడ్రోజన్‌ను అందుకే నమ్మలేకపోయారు. 2015లో ఆ గదిని పక్కనపెట్టి, వాయువు గోడకు తగలకుండా నేరుగా కొలతకు వచ్చే రెండో దారి వాడారు. ఎంత వేగంతో వచ్చే అణువును లోపలికి రానివ్వాలో ముందే సర్దుకోవాలి, అందుకే అందే సంకేతం చాలా పలచన. అయినా హైడ్రోజన్ కనబడింది. ఆవిరిలో 0.4 నుంచి 1.4 శాతం. సుమారుగా చెప్పాలంటే నూరు అణువుల్లో ఒకటి.

హైడ్రోజన్ మంచులో దాగి ఏళ్లకేళ్లు నిలవుండే వాయువు కాదు. ఇంత వస్తోందంటే కింద ఎక్కడో ఇప్పటికీ తయారవుతూ ఉండాలి. ఇనుమున్న రాయి మీద వేడినీరు పనిచేస్తే అలా వస్తుంది.

డ్రిల్లర్ 77 · శనివారం, ఉదయం 6:50

నేను ఆనందపురం వైపు బోర్లు వేయిస్తాను. ఇదంతా చదివాను కానీ ఒకటి అర్థం కాలేదు. పైన పాతిక కిలోమీటర్ల మంచు ఉందంటున్నారు. రష్యావాళ్లు కోలా దగ్గర ఏళ్ల తరబడి తవ్వితే 12 కిలోమీటర్ల పైచిలుకు దగ్గర ఆగిపోయింది. మాకు వెయ్యి అడుగులు దాటితేనే రాడ్డు విరుగుతుందని టెన్షన్. అక్కడికి రిగ్గు తీసుకెళ్లి బోరు వేసేదెవరు? బోరు వేయకుండా కింద నీళ్లున్నాయని ఎలా చెబుతారు? మేము జియాలజిస్టు చెప్పినచోట వేసినా పదింట్లో మూడు ఫెయిలవుతాయి.

రాత్రి ఆకాశం · శనివారం, ఉదయం 7:35

అన్నా, అక్కడ బోరు అక్కర్లేదు. కింది నీళ్లే పగుళ్లలోంచి పైకొచ్చి బయట పడుతున్నాయి. నౌక అందులోంచి వెళ్తే చాలు. ఆ దక్షిణ ధ్రువం దగ్గర మంచు కూడా మిగతాచోట్ల కన్నా బాగా పలచన, కొన్ని కిలోమీటర్లే.

నీళ్లున్నాయని ఎలా తెలిసిందంటే, పచ్చి గుడ్డు, ఉడకబెట్టిన గుడ్డు తిప్పి చూడండి. ఉడికింది ఒక్క ముక్కలా తిరుగుతుంది. పచ్చిదాంట్లో పెంకు ఒకలా, లోపలిది ఒకలా తిరుగుతాయి. ఎన్సెలాడస్ శని చుట్టూ 33 గంటల్లో తిరుగుతుంది. ఆ దారి కచ్చితమైన వృత్తం కాదు కాబట్టి తిరిగేటప్పుడు చందమామ కొద్దిగా ఇటూ అటూ ఊగుతుంది. కాసినీ ఏడేళ్లకు పైగా తీసిన ఫొటోల్లో గుంతల స్థానాలు ఒక్కొక్కటే గుర్తించి ఆ ఊపును కొలిచారు. 0.12 డిగ్రీ వచ్చింది. చిన్నదిగా కనబడుతుంది కానీ మధ్యరేఖ దగ్గర అది అర కిలోమీటరు. పైనుంచి కిందిదాకా గట్టిగా అతుక్కుని ఉంటే అంత ఊగదు. మంచు పెంకు రాయిని తాకకుండా చుట్టూ నీళ్ల మీద తేలుతోందన్నమాట.

లవణిక గారూ, మీథేన్ విషయంలో నేను తొందరపడ్డాను. పాత మీథేన్ సంగతి నాకు తట్టలేదు.

భీమిలి రొయ్యలు · శనివారం, మధ్యాహ్నం 2:20

మాస్టారూ, నాకు శని గ్రహం గురించి తెలీదు. మీ అమ్మాయి అడిగింది మాత్రం నేను రోజుకు నాలుగుసార్లు అడుగుతాను.

నాకు భీమిలి దాటాక ఆరెకరాల వనామీ చెరువులున్నాయి. మేత చల్లినప్పుడల్లా చెక్ ట్రేలో కొంచెం వేసి అడుగుకు దించుతాం. రెండు గంటలయ్యాక పైకి లాగి చూస్తాం. ట్రే ఖాళీ అయితే రొయ్య బాగా తింటోంది, తర్వాత పూట మేత పెంచొచ్చు. మేత మిగిలితే గుండె దడ.

కానీ మేత మిగిలిందంటే రొయ్య లేదని కాదు. అమావాస్యకు, పున్నానికి రొయ్య గుల్ల విడుస్తుంది, ఆ రెండు రోజులు సరిగా తినదు. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతే అడుగుకు రాదు. మనమే ఎక్కువ వేసినా మిగులుతుంది. ట్రే పెట్టిన మూల బురద ఎక్కువైతే రొయ్య అటు రాదు, అవతలి గట్టున మాత్రం పిడికెడు మేత కూడా ఉండదు. పోయిన ఏడాది ఒక చెరువులో మూడు రోజులు వరసగా మేత మిగిలింది. రొయ్య పోయిందని మా అన్నయ్య ఏడుపు ఒక్కటే తక్కువ. వల విసిరితే నిండా వచ్చింది. ఏరేటర్ ఒకటి పాడై ఆ మూల నీళ్లు కదలడం లేదు, అంతే.

ఒక్క ట్రే చూసి చెరువు సంగతి చెప్పకూడదు. మీ నౌక చూసింది ఒక్క ట్రేనే కదా?

లవణిక · శనివారం, సాయంత్రం 5:05

భీమిలి అన్నా, ఈ విషయం మీద వచ్చిన ఎన్నో పేపర్లలో చర్చించేది సరిగ్గా ఇదే. మీరు చెప్పిన కారణాల్లో రెండు అక్కడ నేరుగా పనికొస్తాయి.

ఒకటి, మేత ఎక్కువ పడటం. రాయి తయారుచేసే వేగం తినే వేగం కన్నా ఎక్కువైతే మిగులుతుంది. రెండోది, ట్రే ఎక్కడుందన్నది. వేడినీరు అడుగునుంచి లేచి నేరుగా పగులుదాకా వచ్చేస్తుంటే, దార్లో ఎవరైనా తినడానికి టైమే చాలకపోవచ్చు. కాసినీకి దొరికిన రేణువుల్లో సిలికా పొడి ఉంది, ఒక్కో గింజ వ్యాసార్ధం 2 నుంచి 8 నానోమీటర్లు. కనీసం 90 డిగ్రీల వేడినీటిలో కరిగిన సిలికా చల్లబడితే అలాంటి గింజలు వస్తాయి. ఎక్కువకాలం నీళ్లలో ఉంటే అవి పెరిగి పెద్దవవుతాయి. ఇంత చిన్నగా ఉన్నాయంటే అడుగునుంచి బయటికి రావడానికి నెలల నుంచి కొన్నేళ్లే పట్టిందని 2015లో అంచనా వేశారు. నీళ్లు అంత వేగంగా పైకి రావని వాదించేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా నడుస్తోంది.

ఇక మిగిలిన మేత ఎంతో లెక్కేద్దాం. పగుళ్లనుంచి సెకనుకు సుమారు 250 కిలోల నీటి ఆవిరి వస్తుందనుకోండి. అందులో నూరింట ఒక అణువు హైడ్రోజన్ అంటే, బరువులో సెకనుకు 280 గ్రాములు. పై సమీకరణంలో నాలుగు హైడ్రోజన్‌లకు ఒక మీథేన్. ఒక మోల్ మీథేన్ తయారైతే 100 కిలోజౌల్స్ వస్తాయనుకుంటే, ఆ హైడ్రోజన్ మొత్తం తినేసినా వచ్చేది మూడున్నర మెగావాట్లు. మన సింహాద్రి థర్మల్ 2000 మెగావాట్లు. మొత్తం చందమామకు మిగిలిన తిండి అందులో ఐదు వందల వంతు కూడా లేదు.

అందుకే నేను పిల్లలకు చెప్పేటప్పుడు చేపలు, తిమింగలాలు అననివ్వను. అక్కడ సూక్ష్మజీవులు ఉన్నా అన్నీ కలిపి ఒక్క తిమింగలం బరువు దాటకపోవచ్చని ఒక లెక్క ఉంది.

ఎమ్మెస్సీ మైక్రో · శనివారం, రాత్రి 9:45

మేడమ్, నేను ఒప్పుకోలేకపోతున్నాను. నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను, ఫైనల్ ఇయర్.

భూమ్మీద సముద్రపు అడుగు బురదలో ఈ మీథేన్ చేసే జీవులు హైడ్రోజన్‌ను దాదాపు ఏమీ మిగలనంతగా తినేస్తాయి. ఇక ఒక్క చుక్క తిన్నా లాభం లేదు అనే హద్దుదాకా తింటాయి. ఒక మోల్ మీథేన్‌కు 10, 20 కిలోజౌల్స్ వచ్చినా వాటికి చాలు. ఎన్సెలాడస్‌లో మిగిలింది దానికి ఎన్నో రెట్లు. భీమిలి గారి చెరువులో రొయ్య నాలుగు నెలల్లో పట్టుబడికి వచ్చేస్తుంది, ఒక వారం తినకపోయినా సర్దుకోవచ్చు. అక్కడ కోట్ల ఏళ్ల టైమ్ ఉంది. అన్నేళ్లుగా బల్ల మీద తిండి పడి ఉంటే, తినడం నేర్చుకున్నవాళ్లు పుట్టి ఉండాల్సింది కదా? ఆ అమ్మాయి అడిగింది నాకు సరైన ప్రశ్న అనిపిస్తోంది. తిండి మిగలడం మంచి వార్త కాదు.

ఫాస్ఫరస్ లేక తినలేకపోతున్నాయని ఇదివరకు అనేవాళ్లు. 2023లో ఫాస్ఫేట్ కూడా దొరికింది, మన సముద్రాల కన్నా కనీసం నూరు రెట్లు ఎక్కువ. ఆ సాకు కూడా పోయింది.

లవణిక · శనివారం, రాత్రి 11:10

బాగా అడిగావమ్మా. ఫాస్ఫేట్ సంగతి నేను కూడా ఈ కోణంలో చూడలేదు. నిజమే, తిండికి తోడు కావాల్సినవి అన్నీ ఉన్నాక కూడా మిగిలిందంటే అది జీవం లేదనే వైపుకు ఒక అడుగు.

కానీ బురదతో పోల్చడం దగ్గరే నాకు అభ్యంతరం. బురదలో నీళ్లు దాదాపు కదలవు, హైడ్రోజన్ ఎక్కడికీ కొట్టుకుపోదు, అందుకే ఆఖరి చుక్కదాకా తింటాయి. అట్లాంటిక్ అడుగున లాస్ట్ సిటీ అనే వేడినీటి ఊటలు ఉన్నాయి, 2000లో కనిపెట్టారు. ఎన్సెలాడస్ అడుగున జరుగుతుందనుకునే రాయి, నీటి రసాయనం అక్కడిదే. ఆ తెల్లటి సున్నపు గోపురాల లోపల మీథేన్ జీవులు పొరలు కట్టి బతుకుతున్నాయి. అయినా ఆ ఊటల నుంచి వచ్చే నీళ్లలో హైడ్రోజన్ దండిగా ఉంటుంది. తినేవాళ్లు ఉన్నారు, తిండీ మిగిలింది. నీళ్లు ఆగకుండా వస్తున్నాయి, తినేవాళ్లకు నిలబడే చోటు కొంచెమే.

ఎమ్మెస్సీ మైక్రో · ఆదివారం, ఉదయం 8:00

కానీ లాస్ట్ సిటీ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఉండదు కదా మేడమ్. అక్కడ మిగలడానికి అదో పెద్ద కారణం. కూర లేక అన్నం మిగిలినట్టు. ఎన్సెలాడస్‌లో కార్బొనేట్ బోలెడు ఉంది, కూర కూడా ఉంది. కాబట్టి మీ ఉదాహరణ పూర్తిగా సరిపోదు. మా సార్‌ను కూడా అడిగాను, ఆయన మీ వైపే మాట్లాడారు. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

లవణిక · ఆదివారం, ఉదయం 9:20

సరిపోదు, నిజమే. కార్బన్ సంగతి నేను వదిలేశాను. ఊట దగ్గర ఎంత తింటున్నారు, దార్లో ఎంత తింటున్నారు అన్నది తెలిసేదాకా నీ మాటా నా మాటా రెండూ నిలుస్తాయి.

డ్రిల్లర్ 77 · ఆదివారం, ఉదయం 10:10

మరి తేల్చేదెలా? మళ్లీ నౌక పంపి ఇంకోసారి హైడ్రోజన్ కొలిస్తే సరిపోతుందా?

లవణిక · ఆదివారం, ఉదయం 11:45

హైడ్రోజన్ మళ్లీ కొలిస్తే చాలదు. కాసినీ పరికరం అణుభారం 99 దాటిన అణువులను చూడలేదు. నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ రెండూ దానికి 28 గానే కనబడేవి, ఏది ఏదో విడదీయలేదు. 1990లలో తయారైన పరికరం, సముద్రం వెతకడానికి పంపింది కూడా కాదు. చివరికి 2017 సెప్టెంబరు 15న దాన్ని శనిలోకి పడేశారు. ఇంధనం అయిపోయి ఎప్పుడైనా ఎన్సెలాడస్ మీద పడితే మన సూక్ష్మజీవులు ఆ నీళ్లలో కలుస్తాయేమోనని.

ఇప్పుడు కావాల్సింది మంచు రేణువులను మెల్లగా, చితక్కుండా పట్టుకుని అమైనో ఆమ్లాలు చూడటం. జీవం లేకుండా తయారైతే గ్లైసిన్ లాంటి సులువైనవి ఎక్కువ, కష్టమైనవి చాలా తక్కువ. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అణువులు సగం సగం. జీవులు చేస్తే ఆ వరస మారిపోతుంది, ఒకే చేతి వాటం మిగులుతుంది. ఒక్క గుర్తుతో ఆగకుండా ఇలాంటివి నాలుగైదు ఒకే వైపు చూపిస్తేనే నేను నమ్ముతాను. జీవులు అంత తక్కువగా ఉంటే ఒకసారి పైనుంచి దూసుకెళ్తే దొరికే పిసరు చాలదు. నేల మీద దిగి, రాలే మంచును నెలల తరబడి పోగుచేయాలి. అమెరికన్లు దిగే నౌక ఆలోచనను 2022 ప్రణాళికలో పెద్ద మిషన్లలో రెండో స్థానంలో పెట్టారు. యూరప్‌వాళ్లు కూడా ఎన్సెలాడస్‌నే ఎంచుకున్నారు, బయల్దేరేది 2040లలో. బృహస్పతి దగ్గరి యూరోపాకు వెళ్లే క్లిపర్ 2024 అక్టోబరులో బయల్దేరింది, 2030లో చేరుతుంది, కానీ అది వేరే చెరువు.

గాజువాక మాస్టారు · సోమవారం, సాయంత్రం 6:30

ఈ రోజు క్లాసులో చెప్పాను. టైటానియం గోడ కథ చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దం. చెక్ ట్రే చెప్పగానే నలుగురు లేచారు, వాళ్ల ఇళ్లలో చెరువులున్నాయట.

ఆ అమ్మాయి అంతా విని మళ్లీ అడిగింది: "ఆ చెరువులో అసలు సీడ్ వేశారా సార్? సీడ్ వేయకపోతే మేత ఎప్పటికీ మిగులుతుంది కదా?"

ఎమ్మెస్సీ మైక్రో · సోమవారం, రాత్రి 7:10

సార్, నేను రెండు రోజులుగా చెప్పాలనుకుంటున్నది ఆ అమ్మాయి ఒక్క వాక్యంలో చెప్పింది.

భీమిలి రొయ్యలు · సోమవారం, రాత్రి 9:00

మాస్టారూ, సీడ్ వేయని చెరువు కూడా ఖాళీగా ఉండదు. క్రీక్ నీళ్లు తోడితే వాటితో పాటే పీత పిల్లలు, చేప గుడ్లు, ఏవేవో వచ్చేస్తాయి. అందుకే బ్లీచింగ్ వేసి నీళ్లను చంపి, ఆ తర్వాతే సీడ్ వదులుతాం. బ్లీచింగ్ సరిగా పడకపోతే పది రోజుల్లో మనం వేయని ప్రాణులు కనబడతాయి.

ఆ చందమామకు నీళ్లు ఏ క్రీక్ నుంచి వచ్చాయి?

లవణిక · సోమవారం, రాత్రి 10:15

అన్నా, మనకు తెలిసినంతవరకు ఏ క్రీక్ నుంచీ కాదు. శని చుట్టూ గడ్డకట్టిన మంచే కరిగి ఆ నీళ్లయింది. బతికున్న చెరువు ఏదీ దాన్ని తాకినట్టు ఆధారం లేదు. అందుకే అక్కడ ఒక్క కణం దొరికినా అది అక్కడే పుట్టినదయ్యే అవకాశం ఎక్కువ.

అమ్మాయి ప్రశ్నలో ఇంకో సంగతి ఉంది, ఆ సముద్రం వయసు. శని లోపలి చందమామలు గ్రహంతో పాటే పుట్టాయా, లేక పది కోట్ల ఏళ్ల క్రితం పుట్టాయా అని ఇప్పటికీ గొడవే. చెరువు నిన్ననే తవ్వి ఉంటే సీడ్ ఇంకా పడకపోవచ్చు. పాతదైతే ఎమ్మెస్సీ అమ్మాయి మాటకు బలం పెరుగుతుంది.

మాస్టారూ, గురువారం నాకు సెలవు. మీ క్లాసుకు రానా? భీమిలి అన్న ఒక చెక్ ట్రే ఇప్పిస్తే తీసుకొస్తాను.

భీమిలి రొయ్యలు · సోమవారం, రాత్రి 10:40

ట్రే ఎందుకమ్మా, నేనే వస్తాను. రెండు తెస్తాను, ఒకటి మేత మిగిలింది, ఒకటి ఖాళీ అయింది. ఏది ఏ చెరువుదో పిల్లలనే చెప్పమనండి.